పెయిడ్ న్యూస్‌లెటర్: ఏది ఊరికే ఇవ్వాలి, దేనికి చందా అడగాలి

నేను లిఫ్టుల మీద న్యూస్‌లెటర్ రాస్తాను. అవును, మనం రోజూ ఎక్కి దిగే లిఫ్టులే. చదివేది భవనాల మేనేజర్లు, అంటే లిఫ్టు కంపెనీ పంపిన కొటేషన్ చేతిలో పట్టుకుని "ఇది నిజంగా మార్చాలా, లేక మనల్ని ముంచుతున్నారా" అని తేల్చుకోలేక కూర్చున్నవాళ్లు. పన్నెండేళ్లు సర్వీసు వైపు పని చేశాను కాబట్టి ఆ కొటేషన్లు అవతలి పక్క ఎలా తయారవుతాయో నాకు తెలుసు. వారానికి ఒక మెయిల్ పంపుతాను.

మొదలుపెట్టిన కొత్తలో చేసిన తప్పు ముందే చెప్పేస్తాను, మిగతా అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. లిస్టులో 210 మంది ఉన్నప్పుడు పెయిడ్ తెరిచి, నా దగ్గరున్న మంచి సరుకంతా తాళం వెనక పెట్టేశాను. ఫ్రీగా పంపింది రెండు పేరాల పరిచయం, కింద "మిగతాది చందాదారులకి" అన్న బటన్. ఆరు నెలలు గడిచేసరికి లిస్టు 260 దగ్గర ఆగిపోయింది, డబ్బు కట్టినవాళ్లు తొమ్మిది మంది. వాళ్లలో ముగ్గురు నా పాత సహోద్యోగులు, మొహమాటానికి కట్టారు. తర్వాత ఫ్రీకీ పెయిడ్‌కీ మధ్య గీతని మరోచోట గీశాను. ఇంకో ఏడాదికి లిస్టు 1,150 అయింది, కట్టేవాళ్లు 41 మంది అయ్యారు. పెద్ద అంకెలేం కావు, కానీ ఇంత ఇరుకు టాపిక్‌లో అవి ఎలా కదిలాయో చూస్తే మీకు పనికొస్తుంది.

టాపిక్ కాదు, ఒక సందర్భం పట్టుకోండి

"లిఫ్టులు" అన్నది న్యూస్‌లెటర్‌కి సరిపోయే టాపిక్ కాదు. "మెయింటెనెన్స్ కాంట్రాక్టు రెన్యువల్ ముందు నెలలో ఉన్న భవనం మేనేజరు" అన్నది సరిపోతుంది. తేడా ఎక్కడుందంటే, రెండోదాంట్లో ఒక మనిషి ఉన్నాడు, ఫలానా రోజుకల్లా తేల్చాల్సిన పని ఉంది, తప్పు చేస్తే పోయే డబ్బుంది. మీ టాపిక్‌ని ఇలా ఒక్క వాక్యంలో రాసి చూడండి: ఎవరు, ఏ క్షణంలో, ఏం నిర్ణయించుకోవాలి. మూడింట్లో ఏ ఒక్కటి ఖాళీగా మిగిలినా ఆ న్యూస్‌లెటర్‌ని జనం ఇష్టంగా చదువుతారు, డబ్బు మాత్రం కట్టరు. సరదా టాపిక్‌లకి చందాలు రావని కాదు, వస్తాయి, కాకపోతే అక్కడ జనం మీ రాత కోసమే కట్టాలి, అంత రాయడం నాకు రాదు.

తర్వాత ఒక కాగితం మీద ముప్పై సంచికలకి శీర్షికలు రాయండి. మొదటి పన్నెండు పది నిమిషాల్లో వచ్చేస్తాయి. ఇరవై దగ్గర చెయ్యి ఆగుతుంది. అక్కడే తెలుస్తుంది మీకు ఆ విషయం నిజంగా తెలుసా, లేక ఓ నాలుగు మంచి వ్యాసాలకి సరిపడా మాత్రమే తెలుసా అని. నాకు ఇరవై రెండు దగ్గర ఆగింది. అప్పుడు ముగ్గురు మేనేజర్లకి ఫోన్ చేసి "పోయిన ఏడాది లిఫ్టు గురించి మీరు ఎవరితో గొడవపడ్డారు" అని అడిగితే, మిగతా ఎనిమిదీ ఆ ఫోన్లలోనే దొరికాయి.

మెయిల్ చేరే ఏర్పాటు

ఇది త్వరగా చెప్పి ముందుకెళ్తాను, కానీ వదిలేయకండి. ఏ ప్లాట్‌ఫాం అన్నది తక్కువ ముఖ్యం. సబ్‌స్టాక్ చందా డబ్బులో 10 శాతం తీసుకుంటుంది, మొదలుపెట్టడానికి ఖర్చు ఉండదు. ఘోస్ట్ చందాలో వాటా తీసుకోదు, బదులుగా హోస్టింగ్‌కి కట్టాలి, లేదా ఓపెన్ సోర్స్ కాబట్టి మీరే సర్వర్ మీద నడుపుకోవాలి. ఎక్కడికెళ్లినా రెండు చూడండి: మీ దేశంలో వాళ్ల పేమెంట్ వ్యవస్థ పని చేస్తుందా, మీ లిస్టుని సీఎస్‌వీ ఫైలుగా ఎప్పుడైనా బయటికి తీసుకోగలరా. మొదటిదాన్ని చాలామంది చివర్లో చూసుకుంటారు, వెబ్‌సైట్ అంతా ముస్తాబు చేశాక.

సొంత డొమైన్ నుంచి పంపుతుంటే, మెయిల్ నిజంగా మీ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు ఆ డొమైన్ డీఎన్ఎస్ సెట్టింగుల్లో పెట్టాలి. మొదటి రెండిటి విలువలు ప్లాట్‌ఫాం వాళ్లే ఇస్తారు, కాపీ చేసి పెట్టడమే. మూడోది `_dmarc` అనే పేరుతో టీఎక్స్‌టీ రికార్డుగా, example.com ఉన్నచోట మీ డొమైన్ పెట్టుకుని, ఇలా మొదలుపెట్టొచ్చు:

```
v=DMARC1; p=none; rua=mailto:dmarc@example.com
```

2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో గట్టిగా ఉన్నాయి. పెద్ద మొత్తంలో పంపేవాళ్లకి ఇవన్నీ తప్పనిసరి, వాటితో పాటు ఒక్క క్లిక్‌తో చందా మానేసే సౌకర్యం ఉండాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాటకూడదు. మీరు రోజుకి ఐదువేల మెయిళ్లు పంపే స్థాయికి చేరకపోయినా మొదటి రోజే పెట్టేసుకోండి.

ఇంకో చిన్న ఉచ్చు ఉంది. మెయిల్ హెచ్‌టీఎంఎల్ సైజు 102 కేబీ దాటితే జీమెయిల్ దాన్ని మధ్యలో కత్తిరించేస్తుంది. కత్తిరిస్తే ఏం పోతుంది? అన్నిటికన్నా కింద ఉండే "చందా మానేయండి" లింకు. అది కనబడని మనిషి ఏం చేస్తాడు, స్పామ్ బటన్ నొక్కుతాడు. నా సంచిక ఒకటి పెద్ద పట్టికతో వెళ్లినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. అప్పటినుంచి పట్టికలన్నీ వెబ్ పేజీలో, మెయిల్‌లో లింకు మాత్రమే.

మొదటి నలభై మంది, ఆ తర్వాత మిగతావాళ్లు

మొదటి నలభై మందిని ఒక్కొక్కరినీ అడిగి చేర్చుకోవాలి, దగ్గరదారి లేదు. ఫోన్‌లో నంబర్లున్న ప్రతి మేనేజరుకీ విడివిడిగా మెసేజ్ పెట్టాను, ఏం రాస్తానో ఒక వాక్యం, నమూనా సంచిక ఒకటి, "చేర్చమంటారా" అన్న ప్రశ్న. అడగకుండా మాత్రం ఎవరినీ చేర్చకండి. పాత విజిటింగ్ కార్డుల మీది మెయిళ్లన్నీ ఎక్కించేసి మొదటి వారంలోనే స్పామ్ ఫిర్యాదులు తెచ్చుకున్నవాళ్లని చూశాను.

నలభై తర్వాత నాకు మనుషులు వచ్చింది రెండు దారుల్లో. ఒకటి ఫార్వర్డ్. మేనేజరు నా మెయిల్‌ని తన కమిటీకి పంపుతాడు, కమిటీలో ఒకాయన ఇంకో భవనంలో ఉన్న తమ్ముడికి పంపుతాడు. అందుకని ప్రతి సంచిక పైనే ఒక వరుస ఉంటుంది: "ఇది మీకు ఎవరైనా పంపారా? ఇక్కడ చేరండి." కింద పెడితే అక్కడిదాకా ఎవరూ వెళ్లరు.

రెండోది ఒకే ఒక్క వెబ్ పేజీ. "లిఫ్టు మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఎలా చదవాలి" అని పూర్తి వ్యాసం, విడిభాగాలతో కలిపిన కాంట్రాక్టుకీ, కేవలం చూసి ఆయిల్ వేసి వెళ్లే కాంట్రాక్టుకీ తేడా, ఏ మాట ఎక్కడ దాక్కుని ఉంటుంది, "అరుగుదలకి గురయ్యే భాగాలు మినహా" అన్న ఒక్క ముక్క ఎంత ఖర్చు మోసుకొస్తుంది, అన్నీ అందులో ఉన్నాయి. వెతుక్కుంటూ వచ్చేవాళ్లు దాని మీదకే వస్తారు. చేరమనే ఫారం పేజీ మధ్యలో, మినహాయింపుల గురించిన పేరా కింద పెట్టాను, ఎందుకంటే చదివేవాడికి కాస్త కంగారు పుట్టేది అక్కడే.

ఈ పేజీని నేను మొదట తాళం వెనక పెట్టాను. తెరిచిన నెలలోనే, అంతకుముందు ఆరు నెలల్లో చేరినవాళ్లకన్నా ఎక్కువమంది చేరారు.

బహుమతులు పెట్టి, లక్కీ డ్రాలు పెట్టి లిస్టు పెంచకండి. వచ్చేవాళ్లు బహుమతి కోసం వస్తారు, మెయిల్ తెరవరు, తెరవని మెయిళ్లు పెరిగేకొద్దీ తెరిచేవాళ్ల ఇన్‌బాక్సులో కూడా మీరు పక్కకి జారిపోతారు. ఓపెన్ రేటుని కూడా పూర్తిగా నమ్మొద్దు. 2021లో ఆపిల్ మెయిల్ యాప్‌లో ప్రైవసీ ఏర్పాటు వచ్చాక, అది ఆన్ చేసుకున్నవాళ్ల మెయిళ్లలో బొమ్మలు ముందే లోడవుతాయి, మనిషి చూడకపోయినా "తెరిచారు" అని లెక్కలోకి వస్తుంది. నేను చూసేది జవాబులు, క్లిక్కులు, ఇంకా ఏ దారిన చేరినవాళ్లు తర్వాత డబ్బు కట్టారన్నది. నా 41 మందిలో 23 మంది ఫార్వర్డ్ ద్వారా వచ్చినవాళ్లే.

గీత ఎక్కడ గీయాలి

ఇప్పుడు అసలు విషయం. "మంచిది పెయిడ్, మామూలుది ఫ్రీ" అన్నది అందరికీ ముందు తోచే గీత, నాకూ అదే తోచింది. అది ఎందుకు పని చేయదంటే, కొత్త మనిషికి మీ గురించి తెలిసేది ఫ్రీగా ఉన్నదాని ద్వారానే. అది మామూలుగా ఉంటే మీరు మామూలు రచయిత అనుకుంటాడు, లోపల బంగారం ఉందంటే నమ్మడానికి అతనికి ఏ ఆధారమూ లేదు. పైగా తాళం వేసినదాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు, చేసినా అవతలివాడికి తాళమే కనిపిస్తుంది.

ఇప్పుడు నేను వాడే గీత ఇది: అర్థం చేసుకోవడానికి కావలసింది అంతా ఫ్రీ, చేయడానికి చేతికి కావలసింది పెయిడ్. ఏం జరుగుతోంది, ఎందుకు జరుగుతోంది, మీరు ఏం చేయాలి, ఈ మూడూ ఫ్రీ. ఆ పని ఈ వారమే, మీ భవనంలో, తక్కువ టైంలో జరగడానికి కావలసిన పట్టిక, ఉత్తరం నమూనా, పోలిక, నా జవాబు, ఇవి పెయిడ్.

ఒక సంచికని దగ్గరగా చూపిస్తాను. శీర్షిక "తలుపు దగ్గరే ఆగిపోతున్న లిఫ్టు". ఫ్రీ భాగంలో ఏముందంటే: లిఫ్టు ఆగిపోయిందని వచ్చే కాల్స్‌లో ఎక్కువ భాగం తలుపుల వల్లే, ఎందుకంటే రోజంతా అన్నిటికన్నా ఎక్కువసార్లు కదిలేవి, జనం తోసేవి, తన్నేవి తలుపులే. గడప గాడిలో దుమ్ము, ఇసుక చేరితే తలుపు పూర్తిగా మూసుకోదు, మూసుకోకపోతే లాక్ కాంటాక్టు కలవదు, కాంటాక్టు కలవకపోతే లిఫ్టు కదలదు, కదలకూడదు కూడా, అది భద్రత కోసం పెట్టిన ఏర్పాటు. కాబట్టి లిఫ్టుని నడిపించే "కంట్రోలర్ మార్చాలి" అని కొటేషన్ వస్తే ముందు అడగాల్సింది, లిఫ్టు ఏ అంతస్తులో ఎక్కువసార్లు ఆగింది అని. ఎప్పుడూ ఒకే అంతస్తులో అయితే ముందు ఆ అంతస్తు తలుపుని అనుమానించాలి, కంట్రోలర్‌ని తర్వాత. ఇక్కడితో ఫ్రీ భాగం అయిపోతుంది. చదివినవాడికి పూర్తి సమాధానం దొరికింది, పక్కవాడికి పంపడానికి కూడా ఒక విషయం దొరికింది.

గీత కింద ఉన్నవి: సెక్యూరిటీ గార్డు రాయగలిగేలా ఒక పేజీ లాగ్ షీటు, తేదీ, టైం, అంతస్తు, తలుపు తెరిచి ఉందా మూసి ఉందా అని నాలుగు గడులతో. ఒక నెల లాగ్ చూసి ఏమని అర్థం చేసుకోవాలో నిజమైన ఉదాహరణ, భవనం పేరు తీసేసి. ఆ లాగ్‌ని జతచేసి కంపెనీకి పంపాల్సిన ఉత్తరం, ఖాళీలు నింపుకుంటే చాలు. ఇవి లేకపోయినా మేనేజరు తనంతట తాను చేసుకోగలడు, ఒక సాయంత్రం పడుతుంది. ఆ సాయంత్రానికే అతను చందా కడుతున్నాడు.

ఎక్కడ కత్తిరించారన్నది ఒక వాక్యం అటూ ఇటూ అయినా తేడా వస్తుంది. ప్రశ్న అడిగి జవాబు ముందు కత్తిరిస్తే జనానికి ఒళ్లు మండుతుంది, నాకు కోపంగా జవాబులు వచ్చింది అలాంటి సంచికలకే. జవాబు చెప్పేసి, పనిముట్టు ముందు కత్తిరించండి.

కొన్ని విషయాల్లో ఈ గీతని పక్కన పెడతాను. ప్రమాదానికి సంబంధించింది ఏదైనా మొత్తం ఫ్రీ. తాళ్లలో తీగలు తెగడం ఎలా కనిపిస్తుంది, ఎప్పుడు లిఫ్టు ఆపేసి కంపెనీని పిలవాలి అన్నదానికి తాళం వేయడం నాకు చేతకాదు. ఇక ఒకసారి ఫ్రీగా ఇచ్చినదాన్ని మళ్లీ మూయకండి. పాత సంచికలకి తాళం వేస్తే, వాటిని తమ మెయిళ్లలో, గ్రూపుల్లో పంచుకున్నవాళ్ల లింకులన్నీ ఒక్కరోజులో గోడకి కొట్టుకుంటాయి, వాళ్లే మీ ప్రచారకులు.

టైం మీద గీత గీసేవాళ్లూ ఉన్నారు. టెక్ కంపెనీల మీద రాసే బెన్ థాంప్సన్ తన న్యూస్‌లెటర్ స్ట్రాటెకరీలో చాలాకాలంగా చేస్తున్నది దాదాపు అదే: వారానికి ఒక పెద్ద వ్యాసం అందరికీ, మిగతా రోజుల విశ్లేషణ కట్టినవాళ్లకి. రోజూ వార్తలు మారే రంగానికి అది సరిపోతుంది. లిఫ్టుల్లో రోజూ ఏమీ మారదు, రోజూ రాస్తే నేనే చదవను. మీ రంగంలో వేగం విలువా, పనిముట్టు విలువా అన్నది చూసుకుని ఎంచుకోండి.

ధర, లెక్క

ధర ఎంత పెట్టాలో నేను చెప్పలేను, ఒక కొలత మాత్రం చెబుతాను: మీ పాఠకుడు పైవాళ్లని అడగకుండా తన చేతి మీదుగా కట్టగలిగే మొత్తం. అది దాటితే కమిటీ మీటింగు, మీటింగు అంటే వచ్చే నెల, వచ్చే నెల అంటే ఎప్పటికీ కాదు. ఆఫీసు ఖర్చు కింద చూపించుకోవడానికి ఇన్వాయిస్ దానంతటదే వెళ్లేలా పెట్టండి, నేను పెట్టక ఇద్దరు ఆగిపోయారు.

ఏడాది చందాకే జనాన్ని నెట్టండి, దానికి రెండు కారణాలున్నాయి. మొదటిది కార్డు ఖర్చు. కార్డు చెల్లింపులు నడిపే స్ట్రైప్ అమెరికాలో మామూలుగా తీసుకునేది ప్రతి చెల్లింపుకీ 2.9 శాతం, పైన 30 సెంట్లు. నెలకి 5 డాలర్లయితే దాదాపు 45 సెంట్లు, అంటే 9 శాతం అక్కడే పోయింది, ప్లాట్‌ఫాం వాటా వేరే. అదే ఏడాదికి ఒకేసారి 50 డాలర్లయితే ఖర్చు 1.75 డాలర్లు, మూడున్నర శాతం. ఆ 30 సెంట్లు పన్నెండుసార్లు పడటానికీ ఒక్కసారి పడటానికీ అంత తేడా.

రెండోది మానేసేవాళ్లు. నెలకి వందలో ఐదుగురు మానేస్తున్నారంటే పెద్దగా అనిపించదు. కానీ ప్రతి నెలా మిగిలినవాళ్లలో ఐదు శాతం పోతుంటే, ఏడాది చివరికి వందలో 54 మందే ఉంటారు. ఉన్నచోట ఉండటానికే కనీసం 46 మందిని కొత్తగా తేవాలి. నెల చందాదారుడు పన్నెండుసార్లు ఆలోచిస్తాడు, ఏడాది చందాదారుడు ఒక్కసారి. పైగా కొందరు మానేయాలని మానేయరు, కార్డు గడువు అయిపోయి చెల్లింపు ఆగిపోతుంది. చెల్లింపు ఫెయిలైతే గుర్తుచేసే మెయిల్ సెట్టింగ్ ఆన్ చేయండి.

తెరిచే ముందు ఎంతమంది కడతారో అంచనా వేసుకోవడానికి ఫ్రీ లిస్టులో వందకి ఇద్దరు ముగ్గురు అని లెక్కపెట్టుకోండి, అంతకుమించి వస్తే సంతోషం. 300 మంది ఉన్నప్పుడు తెరిస్తే ఆరు నుంచి తొమ్మిది మంది. ఆ కొద్దిమంది కోసం ప్రతి వారం అదనంగా పని చేయడానికి మీకు ఓపిక ఉందా అన్నది ముందే తేల్చుకోండి, ఎందుకంటే ఆరుగురైనా అరవై మందైనా లాగ్ షీటు తయారుచేసే కష్టం ఒకటే.

తెరిచే రోజు

రెండు వారాల ముందు ఒక మెయిల్ పంపండి, ఏది ఫ్రీగా ఉంటుందో ముందు రాసి, ఆ తర్వాతే పెయిడ్ గురించి. తెరిచిన రోజు ఇంకొకటి, పనిముట్లలో ఒకదాన్ని పూర్తిగా అందరికీ ఇచ్చేసి. నేను ఉత్తరం నమూనా ఇచ్చాను, అది వాడి కంపెనీ నుంచి జవాబు రాబట్టుకున్న మేనేజరే మొదటి చందాదారు. మొదట చేరినవాళ్లకి తక్కువ ధర పెడితే, దాని గడువు ముగిసే ముందు రోజు మూడో మెయిల్. అంతే, ఆ తర్వాత మళ్లీ మామూలు సంచికలు. మొదటివాళ్ల ధర తర్వాత పెంచకండి, కొత్తగా వచ్చేవాళ్లకి పెంచుకోండి.

మానేసిన ప్రతి ఒక్కరికీ ఒక వాక్యం పంపుతాను: "ఏం చూసి మానేశారు?" సగం మంది జవాబివ్వరు. ఇచ్చినవాళ్లలో ఎక్కువగా వచ్చింది "కాంట్రాక్టు పని అయిపోయింది" అన్నది. మొదట బాధపడ్డాను, తర్వాత అర్థమైంది, నేను ఎంచుకున్న సందర్భం ఏడాదికి ఒకసారే వస్తుంది, పని అయిపోయినవాడు వెళ్లడం సహజం. అందుకే ఇప్పుడు రెన్యువల్ తేదీ చేరేటప్పుడే అడిగి పెట్టుకుంటాను, దానికి రెండు నెలల ముందు వాళ్లకి విడిగా ఒక మెయిల్ వెళుతుంది. వెళ్లిపోయినవాళ్లలో ఇప్పటికి ఐదుగురు అలా తిరిగి వచ్చారు.

ఇక ఏడాది చందా డబ్బు గురించి. అది వచ్చిన రోజే మీది కాదు. జనవరిలో కట్టినవాడికి మీరు డిసెంబరు దాకా బాకీ. ఇంకా పంపని నెలల డబ్బుని వేరే ఖాతాలో పెట్టి, నెలకి పన్నెండో వంతు చొప్పున తీసుకుంటాను. పోయిన ఏడాది ఒంట్లో బాగాలేక ఏడు వారాలు రాయలేకపోయినప్పుడు అందరి గడువూ రెండు నెలలు జరిపాను, ఇద్దరు మిగిలిన నెలలకి డబ్బు వెనక్కి అడిగారు. ఆ ఖాతాలోంచి తీసి అదే రోజు పంపించేశాను.